చనిపోయిన మిత్రుని గురించి తమ్ముడు సోమవారం బడి అసెంబ్లీలో మాట్లాడాలి, ప్రసంగం ఎలా ఉండాలి?

గుణుపురం అక్క (శుక్రవారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. నా తమ్ముడు ఇక్కడి ఒడియా మాధ్యమం బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వాడి పక్కన కూర్చునే మిత్రుడు నిన్న సాయంత్రం రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. ఈ ఉదయం అంత్యక్రియలు జరిగాయి. సోమవారం ఉదయం అసెంబ్లీలో సంతాపం పాటిస్తామని, తరగతి తరఫున నా తమ్ముడే మాట్లాడాలని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. మాట్లాడతావా అని నేను విడిగా అడిగితే, తానే మాట్లాడతానని గట్టిగా అన్నాడు.

ఈ సాయంత్రం కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. అందులో విధి, రాలిన పువ్వు, ఆరిన దీపం లాంటి మాటలు చాలా ఉన్నాయి. ప్రమాదం ఎక్కడ జరిగింది, లారీ ఎటునుంచి వచ్చింది, బండి ఎవరు నడిపారు అన్నది ఒక పేజీ నిండా ఉంది. చివరలో ‘ఆ రోజు నన్నూ రమ్మన్నావు, నేను రాలేదు’ అని రాశాడు. ఆ వాక్యం చదివాక నాకు ఏం చెప్పాలో తోచలేదు.

మరో సంగతి కూడా చెప్పాలి. బండి నడిపినది అదే తరగతి పిల్లవాడు. అతనికి కాలు విరిగి విశాఖపట్నంలో ఆసుపత్రిలో ఉన్నాడు, కొన్ని వారాలలో తిరిగి బడికి వస్తాడు. చనిపోయిన అబ్బాయి చెల్లెలు ఇదే బడిలో ఆరో తరగతి. వాళ్ల ఇంట్లో తెలుగే మాట్లాడతారు. నానమ్మగారికి ఒడియా రాదు. బడిలో ప్రసంగం ఒడియాలో ఉండాలి. ఎంతసేపు మాట్లాడాలి, ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా? పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు, మీరు కూడా అడగవద్దని మనవి.

సిరొంచ గోదావరి (శుక్రవారం, రాత్రి 9:48)

అమ్మా, మీ బాధ అర్థమైంది. మా గడ్చిరోలి జిల్లాలో ఇటువంటి సందర్భంలో సంతాప తీర్మానం ఇలా రాస్తారు. ముందు సభ జరిగిన తేదీ, స్థలం. తరువాత మరణించినవారి పూర్తి పేరు, తండ్రి పేరు. ఆపైన ‘వీరి అకాల మరణానికి ఈ సభ ప్రగాఢ సంతాపం తెలుపుతూ, వారి కుటుంబానికి సానుభూతి ప్రకటిస్తున్నది’ అన్న వాక్యం. చివర అధ్యక్షుని సంతకం. ఒక ప్రతి కుటుంబానికి, ఒక ప్రతి దస్త్రానికి. పిల్లవాడు దీన్నే చదివితే తప్పులు దొర్లవు.

పర్లాకిమిడి మాస్టారు (శుక్రవారం, రాత్రి 10:30)

సిరొంచవారు చెప్పిన తీర్మానం ప్రధానోపాధ్యాయుల వారికి పనికివస్తుంది, అది బడి తరఫున వెళ్లవలసిన కాగితం. పిల్లవాడు చదవవలసినది అది కాదు. నేను గజపతి జిల్లా బళ్లలో చాలా ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకున్నాను. చెరువులో పోయినవారు, పాముకాటుకు పోయినవారు, రోడ్డు మీద పోయినవారు, ఇలా పిల్లల సంతాప సభలు నడిపించవలసి వచ్చింది. అందులో తెలుసుకున్నది చెబుతాను.

ముందు పని పంపకం జరగాలి. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, బడి ఏం చేయబోతోంది అన్నది ప్రధానోపాధ్యాయులు చెప్పాలి. అప్పుడు పిల్లవాడి మీద ఒకే ఒక్క పని మిగులుతుంది: తన మిత్రుడు ఎటువంటివాడో, తనకు మాత్రమే తెలిసిన ఒక సంగతి ద్వారా చెప్పడం. ఈ రెండు పనులూ కలిపి పిల్లవాడి మీద పెట్టినప్పుడే నాలుగు పేజీలు అవుతాయి. రేపు ఉదయమే బడికి వెళ్లి ఈ మాట మాట్లాడండి, ఎందుకంటే చాలా చోట్ల పెద్దలు క్లుప్తంగా ‘మన విద్యార్థి మరణించాడు’ అని వదిలేసి మైకు పిల్లల చేతికి ఇచ్చేస్తారు.

ఇక నిడివి. ఎండలో నిలబడిన పిల్లల ముందు, గొంతు నిండిన పిల్లవాడు మాట్లాడగలిగేది రెండు నిమిషాలు. మామూలుగా చదివినప్పటికంటే ఆ రోజు చాలా నెమ్మదిగా చదువుతాడు, మధ్యలో ఆగుతాడు. కాబట్టి నూట ఇరవై, నూట యాభై మాటల మధ్య రాస్తే చాలు. ఒక కాగితానికి ఒకే వైపు, పెద్ద అక్షరాలతో, ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత మాత్రమే ఒక వరుసలో రాయించండి. చేతిలో విడి కాగితం వణికితే వణుకు చూసి పిల్లవాడు మరింత బెదురుతాడు, అందుకని పరీక్ష అట్ట మీద క్లిప్పుతో పెట్టించండి.

ప్రమాదం గురించి ఒకే వాక్యం ఉండాలి. ‘గురువారం సాయంత్రం రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు’ అంటే చాలు. స్థలం, లారీ, బండి నడిపినవారు, గాయాలు, ఇవేవీ వద్దు. చెల్లెలు వింటుంది. ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి ఆ రోజు సాయంత్రానికే ఎవరో ఒకరు ఫోనులో చెబుతారు. అక్కడ కూర్చున్న ఐదో తరగతి, ఆరో తరగతి పిల్లలు రాత్రి నిద్రలో ఆ దృశ్యాన్నే చూస్తారు.

నాగావళి ఒడ్డు (శనివారం, ఉదయం 6:55)

మాస్టారి మీద గౌరవంతోనే ఒక మాట. నేను రాయగడలో రోడ్డు భద్రత కార్యక్రమాలకు పనిచేస్తాను. ఒక పిల్లవాడు పోయినప్పుడు మాత్రమే మిగతా పిల్లలు మనసు పెట్టి వింటారు. మళ్లీ నెల తరువాత చెబితే ఎవరి చెవికీ ఎక్కదు. ప్రసంగంలో చివరి అర నిమిషం హెల్మెట్ గురించి, లైసెన్సు లేకుండా బండి నడపడం గురించి ఉండి తీరాలని నా అభిప్రాయం. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ తప్పనిసరి అన్న సంగతి మన ఊళ్లలో పెద్దలకే తెలియదు. 2019 సవరణ తరువాత మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకునికి లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. తోటి విద్యార్థి నోటి వెంట ఇది వస్తే ఆ ప్రభావమే వేరు. అలాగే మౌనం రెండు నిమిషాలు పాటించాలి, అది పద్ధతి.

బరంపురం అమ్మ (శనివారం, ఉదయం 8:20)

నాగావళి ఒడ్డు గారూ, మీ ఉద్దేశం మంచిదే. అయినా మా ఇంట్లో జరిగినది చెబుతాను, తరువాత మీరే ఆలోచించండి.

మా పెద్దబ్బాయి పదో తరగతిలో ఉండగా స్కూటరు ప్రమాదంలో పోయాడు. బడిలో సంతాప సభకు నన్నూ మావారినీ పిలిచారు, వెళ్లాం. ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, తలకు హెల్మెట్ ఉండి ఉంటే ఈ రోజు మన మధ్య ఉండేవాడని అన్నారు. అది నిజమే కావచ్చు. ఆ ఉదయం హెల్మెట్ మేకుకు వేలాడుతుండగా నేను వంటింట్లో ఉన్నానన్న సంగతి ఆయనకు తెలియదు. ఆయన అన్నది హెల్మెట్ గురించే అయినా, నా చెవికి అది తల్లి మీద తీర్పులా వినిపించింది. ఆ సభలో ఆపైన ఎవరు ఏం మాట్లాడారో నాకు గుర్తు లేదు, ఒక్క పిల్ల మాటలు తప్ప.

ఆ పిల్ల వాడి తరగతిదే. మావాడు ప్రతి శనివారం తన డబ్బాలోని పులిహోర ముందుగా గేటు దగ్గరి కాపలాదారుకు పెట్టి, మిగిలినది తాను తినేవాడని చెప్పింది. నాకు ఆ సంగతి తెలియదు. శనివారం డబ్బా త్వరగా ఖాళీ అవుతోందని నేను కొంచెం ఎక్కువ కట్టేదాన్ని, అంతే. నా కొడుకు గురించి నాకు తెలియని ఒక కొత్త సంగతి నాకు దొరికింది. వాడు పోయాక వాడి గురించి కొత్తగా తెలిసే సంగతులు ఇక ఉండవని అనుకుంటున్న రోజులవి. ఇన్నేళ్లయినా ఆ పిల్లను ఎక్కడ చూసినా పలకరిస్తాను.

కాబట్టి అక్కా, మీ తమ్ముణ్ని ఇలా అడగండి: వాళ్ల అమ్మకు తెలియనిది, నీకు మాత్రమే తెలిసినది, వాడు చేసిన పని ఏమైనా ఉందా? మంచివాడు, తెలివైనవాడు అన్న మాటలు వాళ్లకు అందరూ చెబుతారు.

పర్లాకిమిడి మాస్టారు (శనివారం, ఉదయం 9:05)

అమ్మగారు చెప్పినదానికి నేను కలపవలసినది లేదు. నాగావళి ఒడ్డు గారికి మాత్రం రెండు మాటలు.

మీరు చెప్పిన చట్టం సరైనదే, అందుకే ఆ మాటలు ఈ ప్రసంగంలో ఉండకూడదు. బండి నడిపినది మైనరు. పోలీసు కేసు నడుస్తుంది, ఆ ఇంటి పెద్దల మీద మీరు చెప్పిన సెక్షనే పడవచ్చు. లైసెన్సు అన్న మాట మైకులో వినిపించిన క్షణాన ఆరు వందల తలలూ ఒకే ఇంటి వైపు తిరుగుతాయి. ఆ పిల్లవాడు కర్రల సాయంతో తిరిగి అదే తరగతి గదిలోకి రావాలి. విచారణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి బయటపడేలా ఏ మాధ్యమంలోనూ ప్రచురించకూడదని 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి ఈ ప్రసంగాన్ని ఫోనులో తీసి వాట్సాప్‌లో తిప్పవద్దని కూడా ముందే ప్రకటించడం మంచిది.

రోడ్డు భద్రత మీద తప్పకుండా సభ పెట్టండి, ఆ పని పిల్లవాడి చేత కాకుండా మీవంటివారి చేత జరగాలి.

రెండు నిమిషాల మౌనం పద్ధతి అన్నారు. పెద్దల సభలో అది సరే. చిన్న తరగతుల పిల్లలు ఉన్నచోట నిమిషం దాటితే కదలికలు మొదలవుతాయి, ఎవరో ఒకరు ఆపుకోలేక నవ్వుతారు, ఆ నవ్వినవాణ్ని తరువాత కొడతారు. ఒక నిమిషం చాలు, ప్రసంగం తరువాతే పెట్టాలి. ప్రసంగానికి ముందు మౌనం పెడితే నిలబడిన పిల్లవాడు ఆ నిమిషమంతా తన గొంతుతో పోరాడుతూ గడుపుతాడు. మన దగ్గర ప్రార్థన, బందే ఉత్కళ జననీ అయ్యాక ప్రధానోపాధ్యాయుల మాట, తరువాత మిత్రుని మాట, ఆపైన మౌనం, ఆపైన చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టి వరుసగా లోపలికి పంపడం. తొమ్మిదో తరగతికి మొదటి పీరియడ్‌లో పాఠం వద్దు, తరగతి ఉపాధ్యాయులు ఊరికే వారితో కూర్చుంటే చాలు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వద్ద ఏం చేయాలో కూడా ఆయన ముందే అనుకుని రావాలి. అలవాటున పిలిచేసి, తరగతి మొత్తం ఒక్కసారిగా ఏడ్చిన రోజు నేను చూశాను.

గుణుపురం అక్క (శనివారం, మధ్యాహ్నం 2:40)

మాస్టారూ, అమ్మా, మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఉదయం బడికి వెళ్లి వచ్చాను. వివరాలు తామే చెబుతామని ప్రధానోపాధ్యాయులు ఒప్పుకున్నారు. చెల్లెలికి ముందే చెప్పి, అసెంబ్లీలో నిలబడడమా, మేడమ్‌తో లోపల కూర్చోవడమా అన్నది ఆమె ఇష్టానికే వదులుతామన్నారు.

బరంపురం అమ్మగారి ప్రశ్న తమ్ముణ్ని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆరో తరగతి నాటి నోటుపుస్తకం తెచ్చి చూపించాడు. మేము పార్వతీపురం నుంచి ఇక్కడికి మారినప్పుడు వాడికి ఒడియా ఒక్క అక్షరం రాదు. ఆ పుస్తకం అంచుల వెంట ప్రతి ఒడియా అక్షరం పక్కనా తెలుగు అక్షరం రాసి ఉంది. రాసినది ఆ అబ్బాయి. ఇది మా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నా చిక్కు ఆ చివరి వాక్యంతోనే. ‘నన్నూ రమ్మన్నావు, నేను రాలేదు’ అన్నది తీసేద్దామంటే తమ్ముడు ఒప్పుకోవడం లేదు. అది నిజం, నిజం చెప్పకుండా వాడి గురించి ఎలా మాట్లాడతానంటున్నాడు.

కోరాపుట్ నర్సు (శనివారం, సాయంత్రం 5:15)

ఆసుపత్రిలో పిల్లల వార్డులో పనిచేసే నేను ఈ మాటను తరచుగా వింటాను. నేను ఉంటే జరిగేది కాదని, లేదా నేనూ పోయేవాణ్నని పిల్లలు అనుకుంటారు. ఆ వాక్యం మీ తమ్ముడు రాశాడంటే లోపల అదే తిరుగుతోందని అర్థం. దాన్ని కాగితం మీద నుంచి తీసేసినంత మాత్రాన మనసులో నుంచి పోదు.

అందుకని ముందు ఆ వాక్యాన్ని పూర్తిగా విని, ఆ తరువాత తీయండి. ‘ఎందుకు వెళ్లలేదు, ఆ సాయంత్రం ఏం చేస్తున్నావు’ అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా చెప్పనివ్వండి. ‘నీ తప్పేం లేదు’ అని వెంటనే అనవద్దు, అలా అంటే వాడు ఇక చెప్పడం ఆపేస్తాడు. అంతా చెప్పాక, ఇది ఆరు వందల మంది ముందు చెబితే ఎవరెవరు ఏమనుకుంటారో వాడినే ఆలోచించమనండి. ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడు ‘నాతో వచ్చినవాడు పోయాడు, రానివాడు మిగిలాడు’ అన్న అర్థంలో దాన్ని వింటాడు. ఇది వాడికే తోచాలి.

తరువాతి వారాలలో నిద్ర పట్టకపోవడం, అన్నం మానడం, ఆ రోడ్డు మీదుగా వెళ్లనని మొండికేయడం, బతకాలని లేదన్న మాటలు, ఇటువంటివి కనిపిస్తే 14416కు ఫోను చేయండి. అది టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం, ఎప్పుడైనా చేయవచ్చు, డబ్బులు అక్కరలేదు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

జయపురం తండ్రి (శనివారం, రాత్రి 7:30)

ఇంతమంది అనుభవజ్ఞులు చెబుతుండగా నేను వేరే మాట అంటున్నందుకు మన్నించండి. పద్నాలుగేళ్ల పిల్లవాణ్ని, మిత్రుడు పోయిన నాలుగో రోజున, మైకు ముందు నిలబెట్టడమే సరికాదని నాకనిపిస్తోంది. వాడు తానే ఒప్పుకున్నాడంటే పెద్దవారు అడిగారు కాబట్టి ఒప్పుకుని ఉండవచ్చు. పెద్దకర్మ అయ్యాక, మనసు కుదుటపడ్డాక మాట్లాడించకూడదా?

పర్లాకిమిడి మాస్టారు (శనివారం, రాత్రి 9:00)

మీ సందేహం సమంజసమైనది, దీనికి ఒకే జవాబు లేదు. మాట్లాడినవాడు తేలికపడడం చూశాను, మాట్లాడించబడినవాడు కుంగిపోవడం కూడా చూశాను. అందుకని ఒక దారి పాటించేవాణ్ని. రెండో విద్యార్థిని సిద్ధంగా ఉంచాలి. అతని చేతిలో అదే ప్రసంగం రెండో ప్రతి ఉండాలి, పక్కనే నిలబడాలి, ఏ వరుసలో ఉన్నాడో వేలితో చూసుకుంటూ ఉండాలి. ఉదయం లేచాక ‘నావల్ల కాదు’ అంటే రెండోవాడు చదువుతాడు, ఇక ఎవరూ బతిమాలకూడదు. మధ్యలో ఆగిపోతే ముందు ఊపిరి తీసుకోనివ్వాలి, మంచినీళ్లు ఇవ్వాలి; అప్పటికీ రాకపోతే రెండోవాడు అదే వరుస నుంచి అందుకోవాలి. ఈ ఏర్పాటు ఉందని తెలిస్తేనే చాలామంది పిల్లలు చివరిదాకా చదవగలుగుతారు.

ఆదివారం ఒకరి ముందు, అది మీ ముందే అయినా సరే, రెండు సార్లు పైకి చదివించండి. అంతకంటే ఎక్కువ వద్దు, చదివిన కొద్దీ మాటలు చచ్చుబడతాయి. గొంతు పట్టేసే చోటు అప్పుడు తెలుస్తుంది. ఆ వాక్యాన్ని తీసేయవలసిన పని లేదు. దాన్ని మధ్యకు జరిపి, ముందు ఒక చిన్న, తేలికైన వాక్యం పెట్టండి, చివరి వాక్యం మాత్రం సులువుగా నోట పలికేలా ఉండాలి. అందరికీ కష్టమైనది పేరు. మొదటిసారి పేరు పలికే చోటే ఆగిపోతారు కాబట్టి ఆ పేరును ఈ రెండు రోజులూ ఇంట్లో మామూలుగా మాట్లాడుకోండి.

ఆ ఇంటివారికి ప్రసంగం ముందే వినిపించండి. ఈ రోజుల్లో తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లి కాగితం తీయడం కష్టం, మేనమామగారికో బాబాయిగారికో చదివి వినిపిస్తే చాలు. ముద్దుపేరు వాడవచ్చో లేదో ఆయన్నే అడగండి. బడిలో సరదాగా పిలిచే పేరు ఇంట్లోవారికి నచ్చకపోవచ్చు.

గుణుపురం అక్క (ఆదివారం, మధ్యాహ్నం 12:20)

నిన్న రాత్రి నర్సుగారు చెప్పినట్టే తమ్ముడు చెప్పేది విన్నాను. ఆ సాయంత్రం వాడు మా నాన్నగారి దుకాణంలో కూర్చున్నాడు, అందుకే వెళ్లలేదు. మొత్తం చెప్పాక తానే కలం తీసుకుని ఆ వాక్యం కొట్టేశాడు. దాన్ని వేరే కాగితం మీద రాసుకుని తన దగ్గరే పెట్టుకుంటానన్నాడు, సరే అన్నాను.

వాడు తెలుగులో రాసినది ఇది. పేరు ఉన్నచోట చుక్కలు పెట్టాను. ఆఖరి భాగం తప్ప మిగతాది వాడే ఒడియాలోకి మార్చుకున్నాడు.

‘గురువులకు నమస్కారం. తొమ్మిదో తరగతిలో నేను … పక్కన కూర్చునేవాణ్ని. గురువారం సాయంత్రం రోడ్డు ప్రమాదంలో … చనిపోయాడు.

ఆరో తరగతిలో నేను పార్వతీపురం నుంచి ఈ బడికి వచ్చాను. నాకు ఒడియా రాదు. … నా నోటుపుస్తకం అంచున ప్రతి ఒడియా అక్షరం పక్కన తెలుగు అక్షరం రాసి ఇచ్చాడు. పాఠం నాకు అర్థం కాకపోతే మధ్యాహ్నం భోజనం దగ్గర తెలుగులో మళ్లీ చెప్పేవాడు. నేను తప్పు చదివితే తరగతిలో నవ్వేవారు. … నవ్వేవాడు కాదు. ఆ మాట మెల్లగా అందించేవాడు.

దసరా సెలవుల తరువాత నేను మొదటిసారి పాఠమంతా తప్పు లేకుండా చదివాను. … బల్ల మీద గట్టిగా చరిచాడు. సార్ వాణ్ని నిలబెట్టారు. నిలబడి కూడా నన్ను చూసి నవ్వాడు.

ఈ కాగితం నేనే ఒడియాలో రాసుకున్నాను.

అత్తా, మామయ్యా, నానమ్మా, ఇది మీకు తెలుగులో చెబుతున్నాను. మీ అబ్బాయి నాకు చదవడం నేర్పాడు. నేను ఎప్పుడూ మీ ఇంటికి వస్తూనే ఉంటాను.’

బరంపురం అమ్మ (ఆదివారం, మధ్యాహ్నం 1:05)

చదివాను. చాలా బాగుంది బాబూ. ఒక్క వాక్యం గురించి మాత్రమే చెబుతాను. ‘ఎప్పుడూ వస్తూనే ఉంటాను’ అని మా ఇంట్లో కూడా చాలామంది పిల్లలు అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఆ రోజు నిజంగానే అనుకున్నారు. తరువాత చదువులు, ఊళ్లు మారడం, నన్ను చూస్తే ఏం మాట్లాడాలో తెలియకపోవడం. నేను మాత్రం సాయంత్రాలు గేటు చప్పుడుకు తల తిప్పుతుండేదాన్ని. నువ్వు తప్పకుండా చేయగలిగినంతే చెప్పు. ఫలానా రోజు వస్తానంటే చాలు, ఆ రోజు వెళ్లు.

నాగావళి ఒడ్డు (ఆదివారం, సాయంత్రం 4:30)

ప్రసంగం చదివాక ఇందులో హెల్మెట్ మాట పెట్టే చోటు లేదని ఒప్పుకుంటున్నాను. అయితే నా మొదటి ఆందోళన అలాగే ఉంది. నెల తరువాత పెడితే వినరు, వారంలో పెడితే ఆ ఇంటివారికి గాయం. పోలీసు, రవాణా శాఖ వారితో కలిసి పిల్లలను కాకుండా తల్లిదండ్రులనే పిలిచి, ఏ ప్రమాదం పేరూ ఎత్తకుండా పెడదామని ఆలోచిస్తున్నాను. తాళాలు ఇచ్చేది పెద్దలే కదా.

జయపురం తండ్రి (ఆదివారం, సాయంత్రం 6:10)

తల్లిదండ్రులను పిలవడం సరైన ఆలోచన. పిల్లవాడు మాట్లాడడం విషయంలో నా మనసు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు, అయినా రెండో ప్రతి ఏర్పాటు ఉందని తెలిసి కొంత కుదుటపడ్డాను.

గుణుపురం అక్క (సోమవారం, రాత్రి 8:45)

ఈ రోజు జరిగినది చెప్పవలసిన బాధ్యత నాకుంది. చివరి వాక్యాన్ని ‘ఆదివారం మీ ఇంటికి వస్తాను’ అని మార్చాడు. వాళ్ల మేనమామగారికి నిన్న సాయంత్రం చదివి వినిపించాం. ఇంట్లో పిలిచే పేరుతో కాకుండా బడిలో పిలిచే పేరుతోనే పిలవమన్నారు, బల్ల మీద చరిచిన సంగతి తప్పక ఉంచమన్నారు.

తమ్ముడు మొదటి భాగం బాగానే చదివాడు. ‘నవ్వేవాడు కాదు’ అన్నచోట ఆగిపోయాడు. మాస్టారు చెప్పినట్టు పక్కన నిలబడిన అబ్బాయి తొందరపడలేదు, నీళ్లు అందించాడు. తమ్ముడే మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాడు. చెల్లెలు లోపల మేడమ్ దగ్గరే కూర్చుంది, మైకు మాటలు అక్కడికీ వినిపించాయట. తల్లిదండ్రులు రాలేదు, మేనమామగారు వచ్చారు. తెలుగు భాగం వచ్చినప్పుడు ఒడియా పిల్లలకు అర్థం కాకపోయినా ఎవరూ కదలలేదు.

ఒక విషయంలో మాత్రం మీ సలహా కావాలి. ఫోనులు వద్దని ప్రకటించినా, ఒక ఉపాధ్యాయుడు రికార్డు చేశారు. ఆ అబ్బాయి తల్లి తనకు అది కావాలని మేనమామగారి ద్వారా అడిగించారు. ఇవ్వడం తప్పవుతుందా? అలాగే ఆసుపత్రిలో ఉన్న అబ్బాయి కూడా ప్రసంగం ఏముందో చెప్పమని తమ్ముడికి సందేశం పెట్టాడు.

పర్లాకిమిడి మాస్టారు (సోమవారం, రాత్రి 9:40)

తల్లికి ఇవ్వండి, అది ఆమెది. ప్రసంగంలో కేసు మాటగానీ ఆ పిల్లవాడి పేరుగానీ లేవు కాబట్టి ఆమె చేతికి చేరడంలో తప్పు నాకు కనిపించడం లేదు. ఆ ఉపాధ్యాయుడు నేరుగా మేనమామగారికి ఇచ్చి, తన ఫోనులోనిది తీసేయాలి, ఏ గ్రూపులోనూ పెట్టకూడదు. నానమ్మగారి కోసం మొత్తం ప్రసంగాన్ని తెలుగులో చేతితో రాసి ఒక ప్రతి ఆదివారం తీసుకువెళ్లమనండి.

ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడికి రికార్డు పంపవద్దు. ఏముందో మాటల్లో చెప్పమనండి, వీలైతే ఫోను చేసి.

కోరాపుట్ నర్సు (సోమవారం, రాత్రి 10:15)

నేను మాస్టారితో కొంచెం విభేదిస్తున్నాను. అడిగినవాడికి దాచితే, అందులో తన గురించి ఏదో ఉందనే అనుకుంటాడు. కాగితం మీది మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పంపవచ్చు. కాకపోతే అతను ఒంటరిగా ఉన్న సమయంలో పంపవద్దు. ముందు అతని తల్లికి చెప్పి, ఆమె పక్కన ఉన్నప్పుడు చదివేలా చూడండి. ఆ అబ్బాయిని పలకరించేవారు ఇప్పుడు ఎవరూ ఉండరు. మీ తమ్ముడికి ఇష్టమైతేనే ఆ ఫోను చేయనివ్వండి, ఇష్టం లేకపోతే మీరే చేయండి.

గుణుపురం అక్క (మంగళవారం, ఉదయం 7:20)

వాళ్ల అమ్మగారితో ఇప్పుడే మాట్లాడాను. సాయంత్రం డ్రెస్సింగ్ అయ్యాక తాను పక్కన కూర్చుంటానని, అప్పుడు పంపమని అన్నారు. తమ్ముడు ఫోను చేస్తాడా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు, నేను అడగడం లేదు.